113 ఆలౌట్ అయిన రాత్రి ఫ్రెండ్‌కి ఏం పంపాలి? గుచ్చుకోని ఆటపట్టింపు, దానికి సరిపడే ఎమోజీలు

2024 మే 26, చెన్నై చెపాక్, ఐపీఎల్ ఫైనల్. టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్న సన్‌రైజర్స్ హైదరాబాద్ 18.3 ఓవర్లలో 113 పరుగులకి ఆలౌటైంది. అంతకుముందు ఏ ఐపీఎల్ ఫైనల్లోనూ ఏ జట్టూ అంత తక్కువకి కుప్పకూలలేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలో ఆ స్కోరు కొట్టేసి కప్పు పట్టుకెళ్లింది. ఆ రాత్రి మీరు బెంగళూరు అభిమాని అనుకుందాం. మీ గ్రూపులో ముగ్గురు నలుగురు పక్కా ఆరెంజ్ ఆర్మీ. సీజన్ అంతా వాళ్లు కాలరెగరేస్తుంటే భరించారు. ఇప్పుడు ఫోన్ మీ చేతిలో ఉంది, వేళ్లు దురద పెడుతున్నాయి.

పంపకుండా ఊరుకోమని ఎవరూ చెప్పరు. ఓడిన రోజు ఎవరూ కదిలించకపోతే అభిమానికి అదీ వెలితే. చిక్కల్లా ఒకే స్కోరు మీద వేసిన రెండు జోకుల్లో ఒకటి నవ్విస్తుంది, ఇంకోటి రెండు రోజులు మాటల్లేకుండా చేస్తుంది. ఆ తేడా ఎక్కడుందో ఈ మ్యాచ్‌నే పట్టుకుని చూద్దాం.

ముందు చెడ్డ మెసేజ్. ఇలాంటివి ఆ రాత్రి ఎన్ని గ్రూపుల్లో పడి ఉంటాయో లెక్కలేదు.

"ఏరా, నీ టీమ్ పరువు పోయిందిగా 🤣🤣🤣🤡"

ఇందులో క్రికెట్ ఎక్కడా లేదు. టీమ్ పేరు మారిస్తే ఏ ఆటకైనా, ఏ ఓటమికైనా ఇదే మెసేజ్ సరిపోతుంది. ఇక "నీ టీమ్" అనగానే ఓటమి ఆటగాళ్ల మీద నుంచి దిగి ఫ్రెండ్ నెత్తిన కూర్చుంది. "పరువు" ఆటలో పోయే వస్తువు కాదు, మనిషికి సంబంధించినది. అన్నిటికంటే గుచ్చుకునేది చివరున్న "గా". "పోయింది" అంటే వార్త. "పోయిందిగా" అంటే నేను ముందే చెప్పాను, నువ్వే వినలేదు అని. ఆ ఒక్క అక్షరం సీజన్ మొత్తం జరిగిన వాదనలన్నిటికీ తీర్పు చెప్పేస్తుంది. తర్వాత వచ్చిన జోకర్ మొహం ఆ తీర్పు ఎవరి మీదో కూడా చూపించేసింది.

ఇప్పుడు ఇంకో మెసేజ్.

"ఏప్రిల్‌లో ఢిల్లీ మీద ఆరు ఓవర్లకే 125 కొట్టారు. ఇవాళ పద్దెనిమిదిన్నర ఓవర్లకి 113. ఆ మిగతా 12 ఢిల్లీ హోటల్లో మర్చిపోయొచ్చారేమో, ఎవరైనా ఫోన్ చేసి కనుక్కోండ్రా 😄"

లెక్క నిజమే. 2024 ఏప్రిల్ 20న ఢిల్లీలో ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ పవర్‌ప్లే ఆరు ఓవర్లలో వికెట్ పడకుండా 125 కొట్టారు. టీ20ల్లో అంతకు ముందు పవర్‌ప్లేలో అన్ని పరుగులు ఎవరూ చేయలేదు. ఫైనల్లో జట్టు మొత్తం కలిసి చేసింది దానికి 12 తక్కువ. ఈ జోకు అర్థం కావాలంటే ఫ్రెండ్ ముందు ఆ ఢిల్లీ రాత్రిని గుర్తు చేసుకోవాలి. అంటే ఎగతాళి లోపలే మెచ్చుకోలు దాక్కుని ఉంది. "మీరు 125 కొట్టగలిగినవాళ్లు" అనే మాట ఒప్పుకుంటేనే ఈ జోకు నిలబడుతుంది. గుచ్చుకోని ఆటపట్టింపుకి అసలు కిటుకు ఇదే: ఓడిన జట్టు గర్వంగా చెప్పుకునే సంగతి ఒకటి జోకు లోపల ఉండాలి. అది దొరక్కపోతే ఆ మెసేజ్ రాయకపోవడమే మంచిది.

భాష కూడా ఇక్కడ సాయపడింది. "మర్చిపోయారు" అనకుండా "మర్చిపోయొచ్చారేమో" అన్నాం. ఆ "ఏమో" వల్ల మాట నింద కాకుండా అనుమానమైంది, అదీ కావాలని తెచ్చిపెట్టుకున్న పిచ్చి అనుమానం. "కనుక్కోండ్రా" అనడంతో అవతలివాడికి చేయడానికి ఒక పని దొరికింది. "కనుక్కున్నా, నీ బ్యాగులో పెట్టారంట" అని వాడు తిరిగి కొట్టొచ్చు. జవాబుకి చోటు లేని జోకు ఎంత బాగున్నా అవతలివాడి నోరు మూయించడానికే పనికొస్తుంది.

అయితే ఈ ఒక్క లైనుతో ఆపేస్తే ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది. ఫ్రెండ్ కింద, మీరు పైన ఉన్నారు. మీరూ దిగాలి. దిగడానికి బెంగళూరు అభిమానికి ఉన్నన్ని మెట్లు ఐపీఎల్‌లో ఇంకెవరికీ లేవనుకోండి. 2017 ఏప్రిల్ 23న ఈడెన్ గార్డెన్స్‌లో బెంగళూరు 9.4 ఓవర్లలో 49కి ఆలౌటైంది. ఒక్కరూ రెండంకెల స్కోరు చేయలేదు. ప్రత్యర్థి ఎవరు? ఇదే కోల్‌కతా. అంటే ఇద్దర్నీ ఏడిపించింది ఒక్కరే. ఇంకేం కావాలి!

"మాకైతే ఇదే కోల్‌కతా 49 చేతిలో పెట్టి ఇంటికి పంపింది. మీకు 113 ఇచ్చారంటే మీ మీద ప్రేమెక్కువే 🫠"

ఇక్కడొక జాగ్రత్త. సొంత ఓటమిని తెచ్చుకునేటప్పుడు అది నిజంగా అవతలివాళ్ల ఓటమికంటే పెద్దదై ఉండాలి. "మేము కూడా ఓ మ్యాచ్‌లో ఏడు పరుగుల తేడాతో ఓడాం" అంటే అది దిగడం కాదు, దిగినట్టు నటించడం. క్రికెట్ తెలిసిన ఫ్రెండ్ వెంటనే పట్టేస్తాడు. 113 పక్కన 49 పెడితే ఎవరికీ అనుమానం రాదు.

హెడ్ మీద కూడా మంచి జోకు ఒకటుంది. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్లో భారత్ మీద 137 కొట్టింది ఇతనే. ఆరు నెలల తర్వాత చెపాక్‌లో మొదటి బంతికే డకౌట్. "మన మీద ఫైనల్ ఆడితే 137, మన కోసం ఫైనల్ ఆడితే 0. హెడ్ ఏ జెర్సీలో వచ్చినా మనల్ని ఏడిపించడానికే వస్తాడ్రా 🦆". దీంట్లో రెండుసార్లు "మన", ఒకసారి "మనల్ని" ఉన్నాయి. బెంగళూరు అభిమాని నోటి నుంచి హైదరాబాద్ గురించి "మన కోసం" అని రావడమే ఇందులో సగం ఓదార్పు. పైగా ఏడ్చినవాళ్లలో పంపినవాడూ ఉన్నాడు. ఇది 125 జోకు కంటే మెత్తనిది. ఎక్కువ బాధలో ఉన్న ఫ్రెండ్‌కి ఇదే పంపాలి.

ఎమోజీల దగ్గరికొద్దాం. ఎదురుగా కూర్చుని అంటే గొంతులో నవ్వు వినిపిస్తుంది, అక్షరాల్లో వినిపించదు. ఆ గొంతు పని ఎమోజీ చేస్తుంది. కాబట్టి మాటలో లేని అర్థాన్ని ఎమోజీతో కలపకూడదు, మాటలో ఉన్న నవ్వునే అది చూపించాలి. లైన్ లైనుకీ ఒకటి చాలు. వరసగా ఐదు 🤣 పెడితే అది "జోకు వేశాను" అనే సూచన దాటిపోయి, "నిన్ను చూసి పడీపడీ నవ్వుతున్నా" అవుతుంది. నవ్వు ఎవరి మీదా అన్నదే ఇక్కడ లెక్క. 😄 నవ్వుతూ మాట్లాడుతున్న మొహం. 🤣 ఎదుటివాడి పాటుకి కింద పడి దొర్లుతున్న మొహం. ఓడిన రాత్రి మొదటిది వాడండి. రెండోది ఫ్రెండ్ ఎదురు జోకు వేసినప్పుడు దానికి బదులుగా దాచుకోండి. అప్పుడది చప్పట్లు కొట్టినట్టు ఉంటుంది.

🦆 క్రికెట్ సొంతం. అది ఆటగాడి మీద కాదు, స్కోరుబోర్డు మీద వేసిన బొమ్మ. అందుకే ఎవరికీ గుచ్చుకోదు, క్రికెట్ తెలిసినవాళ్ల మధ్య పెదాల మీద చిన్న నవ్వు తెప్పిస్తుంది. 🫠 కరిగిపోతున్న మొహం, కాబట్టి సొంత ఓటమి గురించి చెప్పే లైను పక్కనే ఉండాలి. ఇదే మొహం ఫ్రెండ్ జట్టు గురించిన లైను పక్కన పెడితే "మీరు కరిగిపోయారు" అని అర్థం తిరగబడుతుంది. ఇది కొత్త ఎమోజీల్లో ఒకటి కాబట్టి పాత ఫోన్లలో ఖాళీ డబ్బాలా కనబడొచ్చు. అలాంటి ఫోన్ ఉన్న ఫ్రెండ్‌కి 🤦 పెట్టండి, పని జరుగుతుంది. చివర్లో 🧡. హైదరాబాద్ జెర్సీ రంగు అది. ఎర్ర జెర్సీ వేసుకునేవాడు నారింజ గుండె పంపితే అదే రాజీ పత్రం.

సీజన్‌లో వాళ్లు గ్రూపు నిండా 🔥🔥🔥 పెట్టి ఉంటే, దానికి జవాబుగా ఒక్క 🧯 పెట్టొచ్చు. ఇది కాస్త కారంగానే ఉంటుంది కానీ వాళ్ల ఎమోజీకే మీది జవాబు కాబట్టి సరసమే. లీగ్ మ్యాచ్ ఓడినప్పుడు బాగా పేలుతుంది. ఫైనల్ రాత్రి మాత్రం వద్దు. అలాగే ఆ సీజన్‌లో తెలుగు అభిమానులు హైదరాబాద్ బ్యాటర్లకి ముద్దుగా పెట్టుకున్న "కాటేరమ్మ కొడుకులు" అన్న పేరు. వాళ్లే పెట్టుకున్న పేరుని వాళ్ల మీదకి తిప్పితే ఎక్కువ తగులుతుంది. "కొడుకులు ఎక్కడ?" అనడం ఎకసెక్కం. "కొడుకులు సెలవు పెట్టారా?" అంటే పరవాలేదు, సెలవు పెట్టినవాళ్లు మళ్లీ డ్యూటీకొస్తారు కదా.

కొన్ని బొమ్మలు ఎంత మంచి మాట పక్కన పెట్టినా చెడగొడతాయి. 🤡, 👎, 🗑️, 💩 ఈ జాతివి. 😎, 😏 చూడ్డానికి అమాయకంగా ఉంటాయి కానీ అవి జోకు మొహాలు కావు, గెలిచినవాడి మొహాలు. మీ జట్టు నాలుగు రోజుల ముందే ఎలిమినేటర్‌లో ఓడి ఇంటికెళ్లిన సంగతి ఫ్రెండ్ వెంటనే గుర్తు చేస్తాడు, అప్పుడు మీకే నొప్పి. 🙂 అన్నిటికంటే మోసకారి. పెద్దవాళ్లకి అది మామూలు చిరునవ్వు, కుర్రాళ్లకి పళ్లు బిగపట్టి నవ్విన నవ్వు. 😭 కూడా అంతే, ఇరవైల్లో ఉన్నవాళ్లు నవ్వలేక చస్తున్నామనడానికి వాడతారు, యాభైలు దాటిన బావగారికి నిజంగానే ఏడుస్తున్నట్టు కనబడుతుంది. ఇక 🙏, 💐 ఓటమి పక్కన వద్దు. మన గ్రూపుల్లో ఆ రెండూ పక్కపక్కన ఎప్పుడు కనబడతాయో అందరికీ తెలుసు. ఆటగాడి ఫొటోకి దండ వేసిన బొమ్మలూ అంతే, వాటిని చూసి నవ్వొచ్చినా ఫార్వర్డ్ చేయకండి.

ఎమోజీ ఎక్కడ పెట్టాలన్నదీ చూసుకోవాలి. తెలుగు వాక్యంలో క్రియ చివరొస్తుంది, దెబ్బ కూడా అక్కడే తగులుతుంది. "మర్చిపోయొచ్చారేమో", "పంపింది", "వస్తాడ్రా". ఎమోజీ ఆ లైను చివర్లోనే ఉంటే దెబ్బ తగిలిన చోటే నవ్వు కనబడుతుంది. మధ్యలో పెడితే జోకు పూర్తికాకముందే నవ్వేసినట్టు ఉంటుంది. అన్నీ కలిపి మెసేజ్ చివర్న కుప్ప పోస్తే ఏ లైనుకి ఏ మొహమో తెలియదు. ఎమోజీ ఒక్కటే విడి మెసేజ్‌గా పంపడం ఇంకా తప్పు. వాట్సాప్‌లో ఒంటరి ఎమోజీ పెద్ద సైజులో కనబడుతుంది. మాట లేకుండా తెర మీద అంత బాతు ఒక్కటే కనబడితే అది సరసంలా ఉండదు.

అన్నీ కలిపితే మన మెసేజ్ ఇలా తయారవుతుంది.

"మామా, ఏప్రిల్‌లో ఢిల్లీ మీద ఆరు ఓవర్లకే 125 కొట్టారు, ఇవాళ పద్దెనిమిదిన్నర ఓవర్లకి 113. ఆ మిగతా 12 ఢిల్లీ హోటల్లో మర్చిపోయొచ్చారేమో కనుక్కోండ్రా 😄
మాకైతే ఇదే కోల్‌కతా 49 చేతిలో పెట్టి పంపింది. మీ మీద ప్రేమెక్కువే 🫠
రేపు బిర్యానీ నాది 🧡"

మూడు లైన్లు, మూడు ఎమోజీలు. మూడో లైను ఊరికే తీపి కోసం పెట్టింది కాదు. మాటల ఓదార్పు, ముఖ్యంగా "బాధపడకు రా, నెక్స్ట్ సీజన్ మనదే" లాంటిది, గెలిచినవాడి నోటి నుంచో పక్క జట్టువాడి నోటి నుంచో వస్తే వెటకారంగానే వినిపిస్తుంది. బిర్యానీ వెటకారం కాలేదు, ఎందుకంటే దానికి మీ డబ్బులు ఖర్చవుతాయి. అన్నాక పెట్టించాలి మరి.

ఎప్పుడు పంపాలి? లీగ్ మ్యాచ్ అయితే చివరి బంతి పడిన పది నిమిషాల్లో పంపినా తప్పులేదు, మూడు రోజుల్లో ఇంకో మ్యాచ్ ఉంటుంది. ఫైనల్ సంగతి వేరు. తర్వాతి మ్యాచ్ పది నెలల దూరంలో ఉంది. పైగా చెపాక్ ఫైనల్ లాంటి ఓటమిలో ఆఖరి ఓవర్ ఉత్కంఠ లేదు, మొదటి ఓవర్లోనే స్టార్క్ బంతికి అభిషేక్ స్టంపులు పడ్డప్పటి నుంచి ఫ్రెండ్ కూర్చుని చూస్తూనే ఉన్నాడు. అతను గ్రూపులో మొదటి మాట అనేవరకు ఆగండి. "ఛీ, టీవీ కట్టేశా" అన్నాడనుకోండి, అది పచ్చజెండా. ఓటమి గురించి తనే నోరు విప్పాడు. ఏమీ అనకపోతే తెల్లారాక చూసుకోవచ్చు. పొద్దున కాఫీ వేళకి 113 జోకు సగం మెత్తబడి ఉంటుంది.

ఎక్కడ పంపాలన్నదానికి ఒక కొలత ఉంది. గ్రూపులో ఓడిన జట్టువాళ్లు ముగ్గురు నలుగురు ఉంటే గ్రూపులోనే వేయండి, వాళ్లు ఒకరికొకరు తోడుగా తిరిగి కొడతారు. పదిమంది గ్రూపులో హైదరాబాద్ అభిమాని ఒక్కడే అయితే విడిగా పంపండి. మీ జోకు మంచిదే కావచ్చు, కానీ దాని కింద తొమ్మిది మంది 😂 రియాక్షన్ కొడితే అతనికి కనిపించేది మీ జోకు కాదు, ఆ తొమ్మిది అంకె. ఎవరో ఇప్పటికే రెండు జోకులు వేసేసి ఉంటే మీది ఎంత గొప్పదైనా జేబులో పెట్టుకోండి.

ఇక ఏ ఎమోజీ కాపాడలేని జోకులున్నాయి. ఓటమి తర్వాత కెమెరా పట్టుకున్న కన్నీళ్లు, ఆటగాళ్ల భార్యాపిల్లలు, మతం, కులం, ఊరు. 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో భారత్ ఓడాక మహ్మద్ షమీని మతం పేరు పెట్టి ఆన్‌లైన్‌లో తిట్టారు. వాళ్లలో చాలామంది కూడా "ట్రోల్" అనే అనుకుని ఉంటారు. మన దగ్గర ఇంకోటి ఉంది: "హైదరాబాద్ టీమ్‌లో హైదరాబాద్ వాళ్లెవరున్నారు?" అన్న ప్రశ్న. చూడ్డానికి క్రికెట్ ప్రశ్నే, రెండో జవాబుకల్లా రెండు రాష్ట్రాల గొడవలోకి దిగుతుంది. అలాగే బెంగళూరు 2025 జూన్ 3న మొదటిసారి ఐపీఎల్ గెలిచింది, మర్నాడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ కప్పు మీద జోకులు ఎన్నైనా వేసుకోవచ్చు, ఆ మర్నాటి రోజు జోలికి మాత్రం వెళ్లకూడదు.

పంపాక ఏం చూడాలి? మన మెసేజ్‌కి హాయిగా ఉన్న ఫ్రెండ్ ఇలా కొడతాడు: "49 గాళ్లు కూడా మాట్లాడుతున్నారా 😂 2016లో మీ చిన్నస్వామిలోనే కప్పెత్తాం, గుర్తుందా?" నిజంగానే ఆ ఫైనల్లో హైదరాబాద్ 8 పరుగుల తేడాతో గెలిచింది. దీనికి ఎదురు వాదించకండి. "గుర్తుంది రా, ఎనిమిది పరుగులు. ఇంకా కల్లోకొస్తున్నాయి 😭" అని దెబ్బ తినండి. ఆ రోజు ఓడింది అతను, ఆఖరి మాట అతనిదే కావాలి.

ఒట్టి "హ్మ్", ఒట్టి 👍, లేదా ఎప్పుడూ "మామా" అనేవాడు హఠాత్తుగా "సరేనండి" అన్నాడంటే తగిలిందన్నమాట. అప్పుడు "సరదాకి అన్నాన్రా, సీరియస్‌గా తీసుకోకు" అనకండి. తప్పు జోకుది కాదు, నవ్వలేని నీదే అని చెప్పినట్టవుతుంది. డిలీట్ చేస్తే తీసేసిన గుర్తు అక్కడే మిగిలిపోతుంది, గ్రూపంతా ఏమైందని అడుగుతుంది. వాట్సాప్‌లో 15 నిమిషాల లోపు ఎడిట్ చేయొచ్చు కానీ అది అక్షర దోషాలకే మంచిది, అతను చదివేశాక మాట మార్చి లాభం లేదు. జోకు వదిలేసి ఆట గురించి ఒక్క నిజమైన మాట విడిగా పంపండి: "అభిషేక్‌కి పడ్డ ఆ స్టార్క్ బంతి ఎవరికి వేసినా అవుటే రా." దాంట్లో ఎమోజీ వద్దు.

చివరిగా ఒక హెచ్చరిక, బాగా పేలిన మెసేజ్‌ని దాచుకుని మళ్లీ వాడేవాళ్లకి. బెంగళూరు అభిమాని "మా అల్మారా ఖాళీ" అని దిగే మెట్టు 2025 జూన్ 3తో పోయింది. ఇప్పుడు అదే లైను పంపితే కప్పు గుర్తు చేసి గొప్పలు పోయినట్టు ఉంటుంది. 49 మాత్రం ఇంకా చెల్లుతోంది. హైదరాబాద్ మళ్లీ ఎప్పుడైనా తక్కువకి ఆలౌటైతే 125 జోకు యథాతథంగా పనికిరాదు. కొత్త స్కోరుకి సరిపడే కొత్త గర్వకారణం, అంటే 2024లోనే బెంగళూరు మీద చిన్నస్వామిలో కొట్టిన 287 లాంటిది వెతుక్కోవాలి. ఆ 287 తిన్నది మీ జట్టే కాబట్టి రెండో లైను కూడా దాంట్లోనే వచ్చేస్తుంది.